మంచం దిగిన మొదటి అడుగు

పొద్దున్నే మంచం దిగి అడుగు వేస్తే మడమ వెనక నరం పట్టేసినట్టుంటుంది. కాస్త కుంటితే, కాఫీ తాగేలోపు సర్దుకుంటుంది. మా కాలనీలో పరిగెత్తే మిత్రుడికి ఇలాగే మొదలైంది. వయసు 44. వారానికి 30 కిలోమీటర్లు ఏళ్లుగా హాయిగా పరిగెత్తుతున్నాడు. పది కిలోమీటర్లు గంటలోపు ముగించాలన్న పట్టుదలతో మంగళవారం 400 మీటర్ల స్పీడ్ రౌండ్లు ఎనిమిది, బుధవారం ఫ్లైఓవర్ ఎక్కే పరుగు మొదలుపెట్టాడు. "కిలోమీటర్లు పెంచలేదు కదండీ, మరి ఇదెందుకొచ్చింది?" అని అతని అనుమానం.

పెరిగింది దూరం కాదు, నేలను తన్నే బలం. మనం నరమనే ఆ తాడు పేరు అకిలిస్ టెండన్. పిక్క కండరాల్ని మడమ ఎముకకి కట్టి ఉంచుతుంది. మామూలు పరుగులోనే దానిమీద ఒంటి బరువుకి ఎన్నో రెట్లు లాగుడు పడుతుంది. వేగంలో, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ. గట్టి పరుగు తర్వాత ఒక రోజు, ఒకటిన్నర రోజు దాకా అందులో కొల్లాజెన్ కట్టుకునేదానికంటే కరిగేదే ఎక్కువ. మంగళవారం దెబ్బ మానకముందే బుధవారం ఫ్లైఓవర్ మీద పడిందన్నమాట.

అతను పరుగు పూర్తిగా మానలేదు. మానితే నొప్పి తగ్గుతుంది గానీ టెండన్ ఇంకా బలహీనపడుతుంది. స్పీడ్, ఎత్తు మాత్రం ఆపి, రోజు విడిచి రోజు మెల్లగా పరిగెత్తాడు. నొప్పికి పదికి మార్కులు వేసుకున్నాడు. మూడు దాటితే ఆ పూటకి నడకే. పరిగెత్తేటప్పటి నొప్పి కంటే మర్నాటి మొదటి అడుగునే ఎక్కువ నమ్మాలి. ఒళ్లు వేడెక్కాక నొప్పి దాక్కుంటుంది. మర్నాడు బిగుతు పెరిగిందంటే నిన్నటిది ఎక్కువైనట్టే.

పరుగు లేని రోజుల్లో వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, మూడు లెక్కపెడుతూ మడమలు దించడం. 15 సార్లు చొప్పున మూడు విడతలు. మొదట రెండు కాళ్లతో, అలవాటయ్యాక ఒంటికాలితో, ఆపైన వీపు సంచిలో బరువు వేసుకుని. నొప్పి సరిగ్గా మడమ ఎముక దగ్గరే ఉంటే మెట్టు అంచున నిలబడి మడమ కిందికి దించకూడదు, పిక్కను సాగదీయనూ కూడదు. అక్కడ టెండన్ ఎముకకి నొక్కుకుంటుంది.

'టప్' మన్న శబ్దంతో వెనకనుంచి ఎవరో తన్నినట్టనిపించి, ఒంటికాలి మునివేళ్ల మీద లేవలేకపోతే తెగిందేమోనని అదే రోజు డాక్టరుకి చూపించాలి. సిప్రోఫ్లోక్సాసిన్, లివోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడేవాళ్లకి ఈ నొప్పొస్తే పరుగు ఆపి, వెంటనే ఆయనకి చెప్పాలి.

మిత్రుడికి ఇది తొమ్మిదో వారం. నాలుగో వారంలో 20 సెకన్ల చొప్పున నాలుగుసార్లు, అదీ పూర్తి వేగంతో కాకుండా పరిగెత్తాడు. తర్వాత 200 మీటర్లు, ఇప్పుడు 400 మీటర్లు నాలుగు రౌండ్లు, మంగళవారం మాత్రమే. ఐదో రౌండు వేయాలా వద్దా అన్నది బుధవారం పొద్దున మంచం దిగాకే తేలుతుంది. ఫ్లైఓవర్ జోలికి ఇంకా పోలేదు.