తొమ్మిదో తారీఖు సాయంత్రం, అరగంటలో రాయాల్సిన కాగితం

విజయవాడ ఆటోనగర్‌లో లారీల స్పేర్ పార్టులు టోకున అమ్మే ఒక దుకాణం ఉందనుకుందాం. యజమాని, ఇరవై మంది సిబ్బంది, లెక్కలన్నీ చూసుకునే ఒక అకౌంటెంట్. నెల 9వ తారీఖు సాయంత్రం ఆమెకు ఒంగోలు నుంచి ఫోన్: నాన్నను ఆస్పత్రిలో చేర్చారు, వెంటనే బయల్దేరాలి. 15 దాకా సెలవు కావాలంది, యజమాని సరేనన్నాడు. పక్క బల్ల దగ్గర బిల్లింగ్ చూసే సహోద్యోగికి పని అప్పగించడానికి ఆమె చేతిలో ఉన్నది అరగంట.

ఇలాంటప్పుడు చాలామంది గుర్తొచ్చిన పనులన్నీ వరసగా రాసేస్తారు. ‘జీఎస్టీ వెయ్యాలి, పీఎఫ్ కట్టాలి, పార్టీల పేమెంట్లు చూడాలి’ అని. ఆ సంగతి సహోద్యోగికి ఎలాగూ తెలుసు. అతనికి తెలియనిది ప్రతి పనీ ఎక్కడ ఆగిందో, దాన్ని పూర్తి చేయాలంటే ఎవరి చేతిలో ఏముందో, ఏది ముట్టుకోకూడదో. అరగంటలో ఆ మూడూ రాయగలిగితే చాలు.

ముందుగా చూడాల్సింది క్యాలెండర్. 9 నుంచి 15 లోపు ముఖ్యంగా చూడాల్సిన గడువులు రెండు. జీఎస్టీఆర్-1, అంటే గత నెల అమ్మకాల బిల్లుల వివరాలు, 11లోపు వెళ్లాలి. పీఎఫ్, ఈఎస్ఐ సొమ్ము 15లోపు కట్టాలి. టీడీఎస్ గడువు 7నే అయిపోయింది. పన్ను కట్టే జీఎస్టీఆర్-3బి గడువు 20, కాబట్టి దాని గురించి ఒక్క వాక్యం చాలు: ‘3బి ముట్టుకోవద్దు, నేనొచ్చి చేస్తాను. 18 ఉదయానికి నేను రాకపోతే ఆడిటర్ గారి ఆఫీసుకు ఫోన్ చేయండి.’ సెలవు పొడిగించాల్సి వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కనుక ఆ రెండో మాట తప్పనిసరి.

జీఎస్టీఆర్-1 ఆలస్యమైతే రుసుము రోజుకు 50 రూపాయలు. చూడ్డానికి చిన్నదే, అసలు నష్టం వేరే చోట ఉంది. కొన్న వ్యాపారి తాను కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకునే జీఎస్టీఆర్-2బి పట్టిక ప్రతి నెలా 14న తయారవుతుంది. నెలవారీ రిటర్ను వేసేవాళ్లు 11 దాటాక ఎక్కించిన బిల్లులు అందులోకి రావు, తర్వాతి నెల పట్టికలోకి పోతాయి. అంటే ఆటోనగర్‌లో ఒక రోజు ఆలస్యమైతే ఏలూరులో కొన్నవాడికి నెల రోజుల క్రెడిట్ ఆగుతుంది. అతను ఊరుకోడు, పన్ను మేరకు డబ్బు పట్టుకుని మిగతాదే పంపుతాడు.

ఇప్పుడు ఆమె పని ఎక్కడ ఆగిందో దగ్గరగా చూద్దాం. ఏలూరులో ఇద్దరు అన్నదమ్ములకు వేర్వేరు దుకాణాలున్నాయి. తమ్ముడు కొన్న సరుకు బిల్లు పొరపాటున అన్న దుకాణం జీఎస్టీ నంబరు మీద పడింది. అదీ సరైన నంబరే కాబట్టి పోర్టల్ అభ్యంతరం చెప్పదు. మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేస్తే ఆమె టాలీలో బిల్లు దిద్దింది. కానీ పోర్టల్‌లోకి ఎక్కించాల్సిన ఫైలును ఉదయమే తీసి డెస్క్‌టాప్ మీద పెట్టి ఉంచింది. సహోద్యోగికి ముందుగా కనబడేది ఆ ఫైలే.

ఇక్కడ ఇంకో చిక్కు. ఎక్కించాక అందరూ చేసే తనిఖీ మొత్తాలు సరిపోల్చడం. పోర్టల్ చూపే అమ్మకాల మొత్తం, టాలీ రిజిస్టర్ మొత్తం ఒకటైతే అంతా బాగున్నట్టే అనుకుంటారు. కానీ బిల్లు అన్న పేర ఉన్నా తమ్ముడి పేర ఉన్నా మొత్తం మారదు. తప్పుడు ఫైలు వెళ్లినా లెక్క రూపాయి తేడా లేకుండా కుదురుతుంది. ఒకసారి రిటర్ను వేసేశాక కొన్ని తప్పులను అదే నెలలో జీఎస్టీఆర్-1ఎ ద్వారా దిద్దుకోవచ్చు గానీ, కొన్నవాడి జీఎస్టీ నంబరును మార్చడానికి అది పనికిరాదు. వచ్చే నెల రిటర్నులో సవరణగా చూపాలి. అందుకే ఈ పనికి ఆమె కాస్త ఎక్కువ చోటు ఇచ్చింది:

‘జీఎస్టీఆర్-1 ఇంకా ఎక్కించలేదు. డెస్క్‌టాప్ మీదున్న ఫైలు పాతది, వాడొద్దు. టాలీ నుంచి కొత్తగా తీయండి. ఎక్కించాక ఏలూరు తమ్ముడి దుకాణం పేరు తెరిచి, ఆ బిల్లు అక్కడ కనబడుతోందో లేదో చూడండి. మొత్తం సరిపోయిందని వదిలేయొద్దు. వాపసు వచ్చిన క్లచ్ ప్లేట్లకు క్రెడిట్ నోట్ ఇప్పుడు పెట్టకండి, వచ్చే నెలలో పెడదాం. ఓటీపీ సార్ ఫోన్‌కు వస్తుంది. 11న ఆయన కోయంబత్తూరు విమానంలో ఉంటారు. 10 సాయంత్రం ఆయన షాపులో ఉండగానే వేసేయండి.’

ఆ చివరి మూడు వాక్యాలూ లేకుంటే మిగతా అంతా సరిగ్గా చేసినా పని ఆగిపోయేది. గడువు 11 అని ఆ రోజు సాయంత్రం కూర్చుంటే ఓటీపీ వచ్చే ఫోన్ ఆఫ్‌లో ఉంటుంది. కాగితం మీద గడువు 11 అయినా ఈ ఆఫీసుకు అసలు గడువు 10. ఈ తేడా బయటివాళ్లెవరూ చెప్పలేరు, రోజూ ఆ పని చేసే మనిషే రాయాలి.

పీఎఫ్ సంగతి ఇంకాస్త సులువు. అందులో మూడు మెట్లుంటాయి: జీతాల వివరాల ఫైలు ఎక్కించడం, చలానా తీయడం, డబ్బు కట్టడం. ఆమె రెండు పూర్తి చేసింది. ‘పీఎఫ్ దాదాపు అయిపోయింది’ అని రాస్తే సహోద్యోగి కట్టేశారనుకుంటాడు, లేదా మళ్లీ మొదట్నుంచీ మొదలుపెడతాడు. కాబట్టి చలానా నంబరు, మొత్తం, ఏ బ్యాంకు నుంచి కట్టాలో రాసి, ‘డబ్బు ఇంకా కట్టలేదు. మీరు బ్యాంకులో పెడితే సార్ ఆమోదించాలి’ అని చేర్చింది. ఈఎస్ఐ అసలు మొదలే పెట్టలేదని విడిగా చెప్పింది. ఉద్యోగుల జీతాల్లోంచి కోసిన పీఎఫ్ వాటాను గడువు దాటి కడితే ఆ సొమ్మును ఆదాయపు పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపడం కుదరదని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. అప్పటి నిబంధన ప్రకారం ఒక్క రోజు దాటినా అంతే. వడ్డీ, జరిమానా దీనికి అదనం.

పేమెంట్ల దగ్గర ఆమె రాసింది ఒకే హెచ్చరిక. ‘బ్యాంకు ఖాతా మారింది, కొత్తదానికి పంపండి అని ఏ సప్లయర్ పేరుతో మెయిల్ వచ్చినా మార్చొద్దు. మన దగ్గరున్న పాత నంబరుకు ఫోన్ చేసి అడగండి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు.’ సరఫరాదారుల మెయిల్ హ్యాక్ చేసి డబ్బు దారి మళ్లించే మోసగాళ్లు వాడే పద్ధతి ఇదే. ఆ పార్టీతో రోజూ మాట్లాడే మనిషి సెలవులో ఉంటే, మెయిల్‌లోని మాట తీరు తేడాను పసిగట్టేవాళ్లు ఉండరు.

పాస్‌వర్డ్‌లు మాత్రం కాగితంలో రాయలేదు. ఆ కాగితం బల్ల మీదే ఉండిపోవచ్చు, ఫొటోగా వాట్సాప్ గ్రూపులో తిరగొచ్చు. జీఎస్టీ పోర్టల్ లాగిన్ సార్ దగ్గరుందని రాసి వదిలేసింది. బ్యాంకులో సహోద్యోగికి విడిగా సొంత లాగిన్ ఉంది. అలా లేని ఆఫీసుల్లో ఎవరైనా సెలవు పెడితే మరొకరి పేరుతో లావాదేవీలు నడుస్తాయి, తర్వాత తేడా వస్తే ఎవరు చేశారో తేలదు.

ఫోన్ విషయంలోనూ స్పష్టత కావాలి. ‘ఏదైనా ఉంటే ఫోన్ చేయండి’ అంటే ఐసీయూ బయట కూర్చున్న మనిషికి గంటకోసారి మోగుతుంది, లేదా మొహమాటపడి అసలు అవసరానికి కూడా చేయరు. ‘ఉదయం 8 నుంచి 9 దాకా తీస్తాను. 10న రిటర్ను వేయడం కుదరకపోతే మాత్రం ఎప్పుడైనా చేయండి’ అని ఆమె రాసింది.

ఇక మిగిలిన పది నిమిషాలు. కాగితం చేతికిచ్చి వెళ్లిపోకుండా, సహోద్యోగిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి 10న ఏం చేస్తారో చెప్పమంది. అతను మౌస్ నేరుగా డెస్క్‌టాప్ మీది పాత ఫైలు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె ఆ ఫైలును అక్కడే తీసేసి, కాగితంలో ఆ వాక్యం కొట్టేసింది. కింద కొంత ఖాళీ వదిలి, రిటర్ను వేశాక వచ్చే ఏఆర్ఎన్ నంబరు, పీఎఫ్, ఈఎస్ఐ కట్టిన తేదీలు, ఈ వారంలో సార్ నోటిమాటగా ఎవరికైనా డిస్కౌంట్ ఒప్పుకుంటే ఆ వివరం అందులో రాయమంది. 16న వచ్చాక ఆమె 3బి పని మొదలుపెట్టేది ఆ ఖాళీలో రాసినవాటి ఆధారంగానే.