హెచ్‌ఆర్ ప్రొఫైల్‌లో అంకెలకు లెక్క కుదరాలి

హెచ్‌ఆర్ ఉద్యోగాలకు వచ్చే ప్రొఫైళ్లలో ఇలాంటి వాక్యాలు తరచూ కనిపిస్తాయి: "ఏడాదిలో 500 మందిని నియమించాను. అట్రిషన్ బాగా తగ్గించాను. 15 పాలసీలు రాశాను." చదవడానికి ఘనంగానే ఉంటాయి. అయితే వాటిని చదివేది కూడా హెచ్‌ఆర్‌లో తలపండిన మనిషే. "అప్పుడు మీ కంపెనీలో మొత్తం ఎంతమంది పనిచేసేవాళ్లు?" అన్న ఒక్క ప్రశ్నతో ఆ అంకెల్లో ఎంత నిజముందో తేలిపోతుంది.

ఎందుకంటే చేరినవాళ్ల సంఖ్యకూ మానేసినవాళ్ల సంఖ్యకూ విడదీయలేని సంబంధం ఉంది. ఏడాది మొదట్లో ఉన్నవాళ్లకు కొత్తగా చేరినవాళ్లను కలిపి, మానేసినవాళ్లను తీసేస్తే ఏడాది చివర ఉన్నవాళ్ల సంఖ్య రావాలి. రాలేదంటే ఎక్కడో ఒక అంకె తప్పు.

ఉదాహరణకు పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీ ఉందనుకుందాం. మొదటి ఏడాది 400 మందితో మొదలైంది. 166 మంది చేరారు, 126 మంది మానేశారు, చివరికి 440 మంది మిగిలారు. సగటు సిబ్బంది 420. మానేసినవాళ్లను ఈ సగటుతో భాగించి 100తో హెచ్చిస్తే 30 శాతం వస్తుంది. అట్రిషన్ అంటే ఇదే. రెండో ఏడాది 119 మంది చేరారు, 99 మంది మానేశారు. సిబ్బంది 460కి పెరిగింది, అట్రిషన్ 22 శాతానికి దిగింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రెండో ఏడాది నియామకాలు తగ్గాయి. చాలామంది దీన్ని దాచాలని చూస్తారు. నా దృష్టిలో దాచాల్సిన పనే లేదు. ఉన్నవాళ్లు నిలిచారు కాబట్టి అంతమందిని కొత్తగా తీసుకోవాల్సిన అవసరం రాలేదు. అదే ఫ్యాక్టరీలో ఆ ఏడాది 500 మందిని నియమించానని ఎవరైనా రాస్తే, 480 మంది మానేశారని ఒప్పుకున్నట్టే. బహుశా అవి ఆఫర్ లెటర్ల సంఖ్య అయి ఉండాలి. ఆఫర్ తీసుకుని చేరనివాళ్లు ఎప్పుడూ కొందరుంటారు. అందుకే ప్రొఫైల్‌లో చేరినవాళ్లనే లెక్కపెట్టాలి.

అట్రిషన్ ఎందుకు తగ్గిందో చెప్పలేకపోతే ఆ 22 శాతానికి విలువ లేదు. మన ఫ్యాక్టరీలో మొదటి ఏడాది మానేసిన 126 మందిలో 60 మంది చేరిన మూడు నెలల్లోపే వెళ్లిపోయారు. వెళ్లేవాళ్లను కూర్చోబెట్టి అడిగితే ఎక్కువమంది చెప్పింది ఒకటే: ఇంటర్వ్యూలో జనరల్ షిఫ్ట్ అన్నారు, చేరాక నైట్ షిఫ్ట్ వేశారు, ఆ వేళకు బస్సు లేదు. అప్పటినుంచి హెచ్‌ఆర్ విభాగం ఆఫర్‌కు ముందే అభ్యర్థిని ప్లాంటులోకి తీసుకెళ్లి పని చూపించింది, షిఫ్ట్ వేళలను, బస్సు రూటును లెటర్‌లోనే రాసిచ్చింది. రెండో ఏడాది అలా తొలి మూడు నెలల్లో వెళ్లినవాళ్లు 31 మందే.

మిగతావాళ్ల లెక్క చూడండి. మొదటి ఏడాది 66 మంది, రెండో ఏడాది 68 మంది మానేశారు. అంటే పాతవాళ్ల వలసలో మార్పేమీ లేదు. మెరుగుదల అంతా కొత్తవాళ్లలోనే. ఈ సంగతిని ప్రొఫైల్‌లో ఉన్నదున్నట్టు రాసుకునే అభ్యర్థిని నేనైతే నమ్ముతాను. "30 నుంచి 22 శాతానికి" అని రెండు కొసలూ రాయడం కూడా అందుకే. ఉత్తినే "27 శాతం తగ్గించాను" అంటే, లెక్క ప్రకారం నిజమే అయినా, ఎక్కడినుంచి ఎక్కడికో చదివేవాళ్లకు తెలియదు.

పాలసీల సంగతికొస్తే, ఎన్ని రాశారన్నది కాదు, రాసింది నడిచిందా అన్నదే ప్రశ్న. పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం ప్రకారం 10 మంది, అంతకుమించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి. బయటి సభ్యులు ఒకరు, సగానికి తగ్గకుండా మహిళలు ఉండాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. "కమిటీ కాలపరిమితి ముగిసేలోపే కొత్త కమిటీ వేయించాను, మూడు షిఫ్టుల్లోనూ అవగాహన తరగతులు పెట్టించాను" అంటే పని కళ్లకు కడుతుంది. "ఒక్క ఫిర్యాదూ రాలేదు" అన్నది మాత్రం గొప్పగా చెప్పుకోకూడదు. ఫిర్యాదు చేయడానికి భయపడినచోటా సున్నాయే ఉంటుంది. ఇక ఫిర్యాదుదారుల పేర్లు, వివరాలు ప్రొఫైల్‌లో గానీ ఇంటర్వ్యూలో గానీ బయటపెట్టడం చట్టవిరుద్ధం.

పై లెక్కంతా ప్రొఫైల్‌లో మూడు వాక్యాలకు మించదు: "440 నుంచి 460కి పెరిగిన ఫ్యాక్టరీలో ఒక సహాయకుడితో కలిసి ఏడాదిలో 119 మందిని చేర్చాను. షిఫ్ట్, బస్సు వివరాలు ముందే చెప్పే పద్ధతి తెచ్చాక తొలి మూడు నెలల్లో మానేసేవాళ్లు 60 నుంచి 31కి, మొత్తం అట్రిషన్ 30 నుంచి 22 శాతానికి తగ్గాయి. అంతర్గత కమిటీని గడువులోపు పునర్నియమింపజేశాను." సహాయకుడి మాట వదిలేయకండి. జట్టు చేసిన పనిని ఒంటరిగా చేసినట్టు రాస్తే, పాత కంపెనీకి ఒక్క ఫోన్ చేసి కనుక్కుంటారు.

దరఖాస్తు పంపేముందు మీ ప్రొఫైల్‌లోని అంకెలను ఒక కాగితం మీద కూడి, తీసి చూసుకోండి. కుదరని అంకె ఉంటే దాన్ని కొట్టేసి పంపండి.