ఆరున్నర అంటే మొదటి స్వరం

ఏటా అక్టోబరు మొదటి వారంలో మా చర్చి క్వైర్‌కి నేనొక కాగితం పంచుతాను. ఒకటే పేజీ. ప్రాక్టీసు ఎప్పుడు, ఎన్నిసార్లు తప్పకుండా రావాలి, క్రిస్మస్ కచేరీ రోజున ఏం కట్టుకోవాలి, అంతే. "ఇదేంటి మాస్టారూ, స్కూలు సర్క్యులర్ లాగుంది" అని కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనీ. అందులో ఒక్కో వాక్యం వెనక ఒక్కో తప్పు ఉంది. అందులో సగం తప్పులు నావే.

అసలు ఇంత పట్టింపు ఎందుకో అర్థం కావాలంటే మా పాట సంగతి కొంచెం చెప్పాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోని పాటను ఆదివారం ఆరాధనలో అందరూ ఒకే వరుసలో పాడతారు. నలుగురు రాకపోయినా పాట సాగిపోతుంది. క్వైర్ పాట అలా కాదు. ఆడవాళ్లలో పై గొంతు సొప్రానో, కింది గొంతు ఆల్టో. మగవాళ్లలో టెనార్, బేస్. నాలుగు గుంపులు, నాలుగు వేర్వేరు వరుసలు, ఒకేసారి. మన చెవికి ఒకే వరుస అలవాటు కాబట్టి, ఆల్టో వాళ్లు ఏమరుపాటుగా ఉంటే తమకు తెలియకుండానే సొప్రానో వరుసలోకి జారిపోతారు. పాట తప్పినట్టు వినేవాళ్లకు అనిపించదు. ఏదో పలచబడినట్టు మాత్రం అనిపిస్తుంది. ఆ జారుడును ఆపడానికే మా ప్రాక్టీసులో సగం కాలం పోతుంది.

కాగితంలో మొదటి వాక్యం: శనివారం సాయంత్రం 6.30 నుంచి 8 వరకు, మొత్తం పది శనివారాలు. అంటే పదిహేను గంటలు. దాని కిందే గీత గీసి రాస్తాను: "ఆరున్నర అంటే గేటు దగ్గర బండి ఆపే టైము కాదు, మొదటి స్వరం పాడే టైము." మొదటి పది నిమిషాలు పెదవులు మూసి హమ్మింగ్, ఆ తర్వాత గొంతును కింది నుంచి పైకి మెల్లగా జార్చడం. పగలంతా ఆఫీసులోనో కొట్లోనో మాట్లాడి వచ్చిన గొంతుకు అది అవసరం. అది లేకుండా నేరుగా పై స్వరం అందుకోబోతే గొంతు పట్టేస్తుంది.

ఆ తర్వాత అరగంట ఎవరి వరుస వాళ్లకు విడిగా నేర్పుతాను. ఆడవాళ్లు సండే స్కూలు గదిలో, మగవాళ్లు కీబోర్డు దగ్గర. ఏడుంబావుకు అందరినీ కలుపుతాను. ఇప్పుడు ఏడింటికి వచ్చిన మనిషి సంగతి చూడండి. తన వరుస నేర్పిన కాలమే అతనికి పోయింది. కలిపి పాడేటప్పుడు ఊహించి పాడతాడు. పక్కనున్న కొత్తవాడు ఇతన్ని నమ్ముకుని అదే తప్పు పాడతాడు. అసలు రాని మనిషి నష్టం ఒకరిదే; ఆలస్యంగా వచ్చి గట్టిగా పాడే మనిషి నష్టం ఇద్దరిది. అందుకే పావుగంట దాటి వస్తే సగం హాజరే వేస్తాను. దీనికి నన్ను తిట్టుకునేవాళ్లు ఉన్నారని నాకు తెలుసు.

హాజరు లెక్క ఇది: పదింట్లో ఎనిమిది రావాలి, చివరి రెండూ తప్పకూడదు. పెళ్లిళ్లుంటాయి, పరీక్షలుంటాయి, అందుకే రెండు మినహాయింపులు. రాలేకపోతే సాయంత్రం ఐదు లోపు ఫోన్ చేయాలి. గొంతు నొప్పిగా ఉంటే ఇంట్లో ఉండిపోవద్దు, వచ్చి కూర్చుని పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోండి అని రాస్తాను. జ్వరమో దగ్గో ఉంటే మాత్రం రావద్దు.

ఎనిమిదే ఎందుకు? మా ఆల్టోలో ఐదుగురే ఉన్నారు. పొడుగాటి స్వరం నిలబెట్టాల్సిన చోట ఐదుగురూ ఒకేసారి ఊపిరి పీలిస్తే స్వరం తెగిపోతుంది. అందుకని ఎవరు ఎక్కడ పీల్చాలో పక్కపక్కవాళ్లు ముందే మాట్లాడుకుంటారు. ఒకరు ఆగినప్పుడు మిగతావాళ్లు మోస్తారు. ఇద్దరు ప్రాక్టీసుకు రాకపోతే ఆ ఒప్పందం ముగ్గురితో కుదురుతుంది. తర్వాత వారం వాళ్లు వస్తే మళ్లీ మొదటికి.

చివరి రెండూ ఎందుకో చెప్పాలంటే హాండెల్ 'మెస్సయ' లోని హల్లెలూయ కోరస్ ముచ్చట చెప్పాలి. చివర్లో అందరూ గొంతెత్తి వరసగా హల్లెలూయలు పాడుతూ పాడుతూ ఠక్కున ఆగిపోతారు. పూర్తి నిశ్శబ్దం. ఆ తర్వాతే ఆఖరి హల్లెలూయ, నిదానంగా, నిండుగా. ఆ నిశ్శబ్దంలోకి ఒక్క గొంతు దూకిందంటే అంతే సంగతులు. ఒక ఏడాది మా టెనార్ తమ్ముడొకడు చివరి రెండు శనివారాలూ రాలేదు. పాట తనకు వచ్చునన్నాడు, నేనూ సరేనన్నాను. పాట నిజంగానే వచ్చు. ఆగడమే రాదు. చర్చి నిండా జనం, అయ్యగారు ముందు వరసలో. మనవాడి హల్లెలూయ ఒక్కటే గోడలకు తగిలి తిరిగొచ్చింది. పిల్లలు పకపకా నవ్వారు. ఆగే చోటు కాగితం మీద చూసి నేర్చుకునేది కాదు. నా చెయ్యి గాల్లో ఎంతసేపు నిలుస్తుందో పక్కనుండి చూసి నేర్చుకోవాలి. అది కుదిరేది చివరి రెండు ప్రాక్టీసుల్లోనే.

మరో వాక్యం డిసెంబరు కోసం. సెమీ క్రిస్మస్‌లు, రాత్రి పూట ఇంటింటికీ క్యారల్ రౌండ్లు ఉంటాయి. చలిలో, దుమ్ములో, డప్పు మోతకు మించి అరిచి పాడిన గొంతు మర్నాటికి బొంగురుపోతుంది. కచేరీకి ముందు మూడు రాత్రులు రౌండ్లకు వెళ్లినా పాడొద్దు, చప్పట్లు కొట్టండి చాలు అని రాస్తాను.

ఇక బట్టలు. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో 'మెస్సయ' మొదటిసారి పాడినప్పుడు, ఆడవాళ్లు గౌన్ల కింద వేసుకునే పెద్ద చట్రాలు లేకుండా, మగవాళ్లు కత్తులు లేకుండా రావాలని ముందే కోరారు. హాల్లో ఎక్కువమంది పట్టాలని. అది శ్రోతలకు చెప్పిన మాట. నేను చెప్పేది పాడేవాళ్లకు.

మాకు ఆడవాళ్లకు తెల్ల చీర, మగవాళ్లకు తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు. మొదట్లో "తెల్లవి వేసుకు రండి" అని మాత్రమే రాశాను. ఒకరిది మీగడ రంగు, ఒకరిది నీలిమందు ఎక్కువైన తెలుపు, ఒకరిది పెళ్లినాటి పట్టు, దానికి జరీ. లైట్లు వేశాక ఫొటోలో నాలుగు తెలుపులు నాలుగు రకాలుగా కనబడ్డాయి. ఇప్పుడు చీరలన్నీ ఒకే కొట్లో ఒకే తానులోంచి తెప్పిస్తాం. నవంబరు చివరికి జాకెట్లు కుట్టించుకోవాలి.

జాకెట్టు గురించి రెండు వాక్యాలు ఎక్కువే రాస్తాను. పాటకు ఊపిరి పక్కటెముకల కింది భాగంలోకి దిగాలి. అక్కడ గుడ్డ బిగుతుగా ఉంటే భుజాలు లేపి పైపైన పీలుస్తారు, పొడుగు స్వరం మధ్యలో ఆగుతుంది. కాబట్టి టైలర్‌కి కొలత ఇచ్చేటప్పుడు ఊపిరి నిండా పీల్చి నిలబడండి, లంగా బొందు కూడా కాస్త వదులుగా కట్టుకోండి అని. మగవాళ్ల బెల్టుకూ ఇదే మాట. ఒక అక్క టైలర్ దగ్గర అలాగే నిలబడితే, "అమ్మా, అందరూ బిగబట్టి సన్నగా కొలత ఇస్తారు, మీరేంటి ఉబ్బుతున్నారు?" అన్నాడట.

గాజు గాజులు, మువ్వల పట్టీలు వద్దు. ఇరవై ఆరు మంది ఒకేసారి పేజీ తిప్పితే ఆ గలగల మైకుల్లో పడుతుంది. ఘాటైన సెంటు కూడా వద్దు, పక్కవాళ్లకు దగ్గొస్తుంది. చివరి ప్రాక్టీసుకు ఈ బట్టల్లోనే రావాలి. కిందటేడు కూడా ఆ రోజే తెలిసింది, ఒకరి కొంగు ఫైలుకు పడి పేజీలు తిరగడం లేదని. పిన్ను పెట్టించాం.