కాలిన చోట కుళాయి కింద 20 నిమిషాలు

ఒళ్లు కాలినప్పుడు ఏం చేయాలో చెప్పే ఇంగ్లీషు కరపత్రాల్లో మొదటి సూచన దాదాపు ఒకటే: గాయాన్ని చల్లని పారే నీటి కింద 20 నిమిషాలు ఉంచాలి. మాటకు మాట తెలుగులో పెడితే ఇందులో తప్పేమీ కనపడదు. కానీ మన ఇళ్లలో చల్లని నీళ్లంటే చాలామంది ఫ్రిజ్ తలుపు తీస్తారు. ఐసు, ఐసు నీళ్లు కాలిన చోట రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తాయి. అసలే దెబ్బతిన్న చర్మానికి రక్తం తగ్గి గాయం ఇంకా లోతవుతుంది. అందుకే 'కుళాయిలో వచ్చే మామూలు చన్నీళ్లు' అని రాయాలి. మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు కాగిపోయి వస్తాయి కాబట్టి, ముందు చేత్తో చూసుకుని, వేడిగా ఉంటే బిందెలో నీళ్లు వాడమని కూడా చేర్చాలి. కుళాయి రాని వేళైతే బకెట్లోంచి మగ్గుతో ధారగా పోస్తూ ఉండవచ్చు.

సమయం దగ్గర అనువాదకులు ఎక్కువగా జారిపోతారు. 'కాసేపు నీళ్లు పోయండి' అని రాసేస్తారు. రెండు మూడు నిమిషాలకే మంట తగ్గుతుంది, పోసేవాళ్లు ఆపేస్తారు. అప్పటికి చర్మం లోపలి పొరల్లో వేడి ఇంకా ఉంటుంది. 'మంట తగ్గినా ఆపకండి, గడియారం చూసి 20 నిమిషాలు పోయండి' అన్న వాక్యం ఇంగ్లీషులో లేకపోయినా తెలుగులో ఉండాలి. వెంటనే పోయలేకపోతే, కాలిన మూడు గంటల లోపు పోసినా మేలే.

ఇక రాయకూడని వాటి జాబితా. ఇంగ్లీషు కాగితంలో వెన్న ఉంటుంది. మన దగ్గర రాసేవి టూత్‌పేస్టు, పసుపు, కొబ్బరి నూనె, దోసెల పిండి, కోడిగుడ్డు సొన, సిరా. వీటి పేర్లు చెప్పకపోతే ఆ నిషేధం మనకు కాదనుకుంటారు. ఇవి వేడిని బయటికి పోనివ్వవు, క్రిములను తెస్తాయి, డాక్టరుకు గాయం రంగు కనపడనివ్వవు. కడిగి తీయడంలో నొప్పి వేరే. ఇంకో చిక్కు మన వాక్యంలోనే ఉంది. తెలుగులో 'వద్దు' చివర వస్తుంది. 'కాలిన గాయానికి పసుపు, పేస్టు, నూనె...' అని గోడమీద సగం చదివినవారికి అదే మందులా వినిపిస్తుంది. అందుకే 'కాలిన చోట ఏమీ రాయకండి' అని ముందే పెట్టి, పేర్లు తర్వాత చెప్పాలి.

ఒక ఇంట్లో ఏడాదిన్నర బాబు సాంబారు గిన్నె లాగాడనుకుందాం. ఛాతీ మీద, చేతి మీద పడింది. చాలామంది బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెడతారు. ఊపిరి ఇబ్బంది లేకపోతే ముందు నీళ్లే. చిక్కటి సాంబారు బట్టకు అంటుకుని కాలుస్తూనే ఉంటుంది కాబట్టి చొక్కా తీసేయాలి, చర్మానికి అతుక్కుంటే అక్కడ వదిలేయాలి. వాపు రాకముందే మురుగులు, మొలతాడు తీయాలి. కాలిన చోట మాత్రమే నీళ్లు పోస్తూ, మిగతా ఒంటికి పొడి తువ్వాలు చుట్టాలి. పసివాళ్లు తొందరగా చలికి లోనవుతారు. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. తర్వాత ఉతికిన నూలు గుడ్డ వదులుగా కప్పి బయలుదేరాలి. బొబ్బలు చిదపకూడదు.

ఎప్పుడు వెళ్లాలన్న చోట 'వైద్య సలహా పొందండి' అనే మాట ఎవరినీ కదిలించదు. 'చేతికంటే పెద్ద గాయం' అన్నా తప్పుదారే. తెలుగులో చెయ్యి అంటే భుజం దాకా. 'కాలినవారి అరచేయి, వేళ్లతో సహా, అంతకంటే పెద్దదైతే' అని రాయాలి. ఆ కొలత ఒంటి చర్మంలో సుమారు నూటికి ఒక వంతు. బిడ్డ గాయానికి బిడ్డ అరచేయే కొలత, తల్లిది కాదు. గాయం చిన్నదైనా ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాల మీద ఉంటే వెళ్లాలి. 5 ఏళ్లలోపు పిల్లలు, ముసలివాళ్లు, గర్భిణులు వెళ్లాలి. పొగ పీల్చినవారు పైకి బాగానే కనిపించినా వెళ్లాలి. చర్మం తెల్లబారి లేదా నల్లబడి నొప్పి లేదంటే నయమైనట్టు కాదు, నరాల దాకా కాలిందన్నమాట. కరెంటు షాకును మనం కాలడం అనుకోం. కాబట్టి దాన్ని విడిగా రాయాలి: మెయిన్ ఆపేదాకా మనిషిని ముట్టుకోకండి, పైన చిన్న మచ్చే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి, లోపల గుండె, కండరాలు దెబ్బతిని ఉండవచ్చు.

ఇలాంటి కాగితం మీరు రాస్తున్నా, వాట్సాప్‌లో పంపుతున్నా, ముందు ఇంట్లో పెద్దావిడకు చదివి వినిపించి ఏం చేస్తారో చేసి చూపించమనండి. ఆవిడ ఫ్రిజ్ వైపో, పసుపు డబ్బా వైపో నడిస్తే ఆ వాక్యం మళ్లీ రాయండి.