రాలిన చుక్కా, ఎగిరిన పురుగా?

డిసెంబరు 14 రాత్రి. జెమినిడ్ ఉల్కలు రాలే వేళ. డాబా మీద బిగించిన సెక్యూరిటీ కెమెరా ఆకాశాన్ని సెకనుకు 25 ఫ్రేముల చొప్పున తీస్తోందనుకుందాం. తెల్లారేసరికి దాదాపు పది లక్షల ఫ్రేములు పోగవుతాయి. వాటిలో ఉల్క ఉన్నవి ఏవో వెతికే ఓపిక మనిషికి ఉండదు. అందుకే ప్రపంచమంతటా ఇలాంటి కెమెరాలు నడిపే గ్లోబల్ మీటియర్ నెట్‌వర్క్ సభ్యులు ఆ పనిని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కు వదిలేశారు.

మొదట తట్టే ఉపాయం తేలికైనదే. ఒక ఫ్రేములోంచి దాని ముందున్న ఫ్రేమును తీసివేస్తే కదలని నక్షత్రాలు చెరిగిపోతాయి, కదిలినది మిగులుతుంది. ఉల్క విషయంలో ఇది బాగానే పనిచేస్తుంది. కెమెరా 90 డిగ్రీల ఆకాశాన్ని 1280 పిక్సెళ్లలో చూస్తోందనుకుంటే డిగ్రీకి సుమారు 14 పిక్సెళ్లు. సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో వచ్చే జెమినిడ్ వంద కిలోమీటర్ల దూరంలో అడ్డంగా దూసుకుపోతే, ఫ్రేముకు 11 పిక్సెళ్లు జరుగుతుంది.

అదే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నడినెత్తిన వెళ్తున్నా సెకనుకు డిగ్రీ పైచిలుకే కదులుతుంది. ఫ్రేముకు అర పిక్సెలుకు కాస్త ఎక్కువ! పక్కపక్క ఫ్రేముల తేడాలో అది కెమెరా గరగరలో కలిసిపోతుంది. కాబట్టి 256 ఫ్రేములను, అంటే పది సెకన్లను, ఒక కట్టగా తీసుకుంటారు. ప్రతి పిక్సెలు దగ్గరా అత్యధిక వెలుగు ఎంత, అది ఎన్నో ఫ్రేములో వచ్చింది, సగటు ఎంత, హెచ్చుతగ్గులు ఎంత అన్న నాలుగు సంగతులే దాస్తారు. సగటును బాగా మించిన పిక్సెళ్లు ఒక గీత మీద ఉండి, వాటి ఫ్రేము సంఖ్యలు వరసగా పెరిగితే ఏదో కదిలినట్టే. అంతరిక్ష కేంద్రం ఈ కట్టలో దాదాపు 160 పిక్సెళ్ల గీత గీస్తుంది.

సెకనుకు రెండు డిగ్రీలైనా కదలనిదాన్ని ఉల్కల జాబితాలోంచి తీసేస్తారు. విమానమూ ఆ నెమ్మది గుంపులోదే. అయితే మిణుకుమిణుకుమనే దీపాలు దాని దారి పొడవునా చుక్కలు పెడతాయి. ఉపగ్రహం గీత నున్నగా సాగి, భూమి నీడలోకి దూరగానే మాయమవుతుంది.

అసలు తంటా పురుగులతోనే. లెన్సుకు మీటరు దూరంలో, సెకనుకు అరమీటరు వేగంతో ఎగిరే దోమ సెకనుకు 28 డిగ్రీలు దాటేస్తుంది. అచ్చం ఉల్క వేగమే! దాన్ని పట్టించేవి దారి వంపు, ఫోకస్ కుదరక లావెక్కిన గీత, రెక్కలు కొట్టినప్పుడల్లా పడే పూసల్లాంటి మెరుపులు. కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు ఆర్పేస్తే సగం బెడద తీరుతుంది. తిన్నగా ఎగిరిన పురుగు మాత్రం ఈ పరీక్షలనూ దాటిపోవచ్చు. అప్పుడు వంద కిలోమీటర్ల అవతలి కెమెరాను అడగాలి. అదే క్షణంలో అక్కడా గీత పడి, రెండు గీతలనూ కలిపి లెక్కిస్తే ఎత్తు వంద కిలోమీటర్ల దరిదాపుల్లో తేలితే అది ఉల్కే. దోమ రెండు ఊళ్లలో ఒకేసారి ఉండలేదు కదా!

ఈ జల్లెడకూ చిల్లులున్నాయి. నేరుగా కెమెరా వైపే దూసుకొచ్చే ఉల్క దాదాపు ఒకేచోట వెలిగి ఆరిపోతుంది. గీత ఉండదు, వేగం తేలదు. నెమ్మదివాటిని తోసేసే నియమం దాన్నీ తోసేస్తుంది.