రెండింతలు దాటని రూటు

పార్సిళ్లు పంచే బండికి పొద్దున్నే ఎదురయ్యే ప్రశ్న ఒకటే. గోడౌన్‌లో బయల్దేరాలి, లిస్టులో ఉన్న ప్రతి ఇంటికీ ఒక్కసారి వెళ్లాలి, చివరికి గోడౌన్‌కే చేరాలి. ఏ వరసలో తిరిగితే మొత్తం దూరం అన్నిటికన్నా తక్కువవుతుంది? గణితంలో దీని పేరు ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్య.

అన్ని వరసలూ రాసి కొలిచి చూస్తే పోలా అనిపిస్తుంది. గోడౌన్‌తో కలిపి 6 చోట్లయితే వేర్వేరు రూట్లు 60 మాత్రమే, చూసేయొచ్చు. 20 చోట్లయితే ఆరువందల కోట్ల కోట్లు దాటుతాయి. సెకనుకు వంద కోట్ల రూట్లు కొలిచే యంత్రానికి కూడా దాదాపు రెండేళ్లు పడుతుంది. ఇంకో 5 చోట్లు చేర్చి 25 చేస్తే, అదే యంత్రానికి 98 లక్షల ఏళ్లు కావాలి.

అలాగని పెద్ద లిస్టులు ఎప్పటికీ తేలవని కాదు. 1954లోనే డాంట్‌జిగ్, ఫల్కర్సన్, జాన్సన్ అనే ముగ్గురు అమెరికాలో 49 నగరాల రూటును అతి చిన్నదని రుజువుతో సహా తేల్చారు. 2006 నాటికి 85,900 బిందువులున్న ఒక లెక్క కూడా తేలింది. కానీ ఏ లిస్టు ఇచ్చినా త్వరగా తేల్చి తీరే పద్ధతి మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఇలాంటి సమస్యలు ఎంత మొండివో 1972లో రిచర్డ్ కార్ప్ చూపించాక, చాలామంది ప్రశ్ననే మార్చుకున్నారు. అతి చిన్న రూటే కావాలనే పట్టు వదిలేద్దాం. త్వరగా ఒక రూటు గీద్దాం. అది అతి చిన్న రూటుకు రెండింతలు మించదని మాత్రం గట్టిగా చెబుదాం.

ఇక్కడే ఒక చిక్కుంది. అతి చిన్న రూటు పొడవెంతో మనకు తెలియదు, తెలిస్తే ఈ గొడవే లేదు. తెలియని దానికి మనది రెండింతలు దాటలేదని ఎలా చెప్పడం? పాఠ్యపుస్తకాలు దీన్ని మూడు వాక్యాల్లో ముగించేస్తాయి. అందం ఉన్నదంతా ఆ మూడు వాక్యాల మధ్యలోనే కాబట్టి, నిదానంగా ఒక ఉదాహరణ తీసుకుందాం.

వీధులన్నీ నిలువుగా, అడ్డంగా గళ్ల కాగితం మీద గీసినట్టున్న ఒక కాలనీ అనుకోండి. ఒక గడి పొడవు వంద మీటర్లు. వీధుల వెంటే నడవాలి, అడ్డంగా కోసుకుపోవడం కుదరదు. నైరుతి మూలలో ఉన్న క మన గోడౌన్. అక్కడి నుంచి తూర్పుకు 4 గళ్లు పోతే ట, ఉత్తరానికి 4 గళ్లు పోతే ప. ఈశాన్య మూలలో మ. ఇక లోపల రెండిళ్లు: క నుంచి తూర్పుకు 2, ఉత్తరానికి 1 గడి దూరంలో చ, తూర్పుకు 2, ఉత్తరానికి 3 గళ్ల దూరంలో త. మొత్తం ఆరు చోట్లు.

రూటు సంగతి కాసేపు మరిచిపోయి ఇంకో పని చేద్దాం. ఈ ఆరింటినీ కలుపుతూ కరెంటు తీగ లాగాలి, తీగ వీలైనంత తక్కువ ఖర్చవ్వాలి. ఇది ఊహకు పుట్టిన ప్రశ్నేమీ కాదు. 1926లో ఒతకర్ బోరూఫ్కా అనే చెక్ గణితజ్ఞుడికి మొరావియా ప్రాంతంలో ఊళ్లకు కరెంటు లైన్లు వేసే పనిలోనే ఇది తగిలింది, ఆయన దాన్ని తేల్చాడు కూడా. ఇప్పుడు ఎక్కువగా చెప్పే పద్ధతి 1956లో జోసెఫ్ క్రస్కల్ రాసింది. ఆ పత్రం శీర్షికలోనే ట్రావెలింగ్ సేల్స్‌మన్ పేరు ఉండటం విశేషం.

క్రస్కల్ పద్ధతి చాలా సులువు. జంటలన్నిటినీ దూరాన్ని బట్టి చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా పెట్టి, ఒక్కొక్కటే తీసుకుంటూ పోవాలి. ఏదైనా జంట అప్పటికే ఎలాగో కలిసి ఉంటే దాన్ని వదిలేయాలి. మన కాలనీలో అన్నిటికన్నా దగ్గరి జంట చ–త, దూరం 2. ఆ తర్వాత 3 గళ్ల జంటలు నాలుగు: క–చ, చ–ట, ప–త, త–మ. ఈ ఐదూ తీసుకునేసరికి ఆరు చోట్లూ కలిసిపోయాయి. తీగ మొత్తం 14 గళ్లు. ఎక్కడా గుండ్రంగా తిరిగి రాకుండా కొమ్మలుగా చీలే ఇలాంటి ఆకారాన్ని చెట్టు అంటారు. అన్నిటినీ కలిపే చెట్లలో అతి చిన్నది కాబట్టి దీన్ని మినిమమ్ స్పానింగ్ ట్రీ అంటారు. వేల చోట్లున్నా కంప్యూటరు దీన్ని క్షణాల్లో గీసేస్తుంది.

ఇప్పుడు ఆ చిక్కు ప్రశ్నకు వద్దాం. అతి చిన్న రూటు ఏదో మనకు తెలియదు. తెలియకపోయినా సరే, అదెక్కడో ఉంది. అందులోంచి ఒక్క ముక్క, అంటే ఏవైనా రెండు వరస ఇళ్ల మధ్య దారి, తీసేశామనుకోండి. మిగిలినది మొదటి చోటు నుంచి చివరి చోటు దాకా సాగే ఒక గొలుసు. అది ఇంకా అన్ని చోట్లనూ కలుపుతూనే ఉంది, ఎక్కడా చుట్టు తిరగదు. అంటే అదీ ఒక చెట్టే, కొమ్మల్లేని చెట్టు. మన 14 గళ్ల చెట్టు అన్ని చెట్లలోకీ చిన్నది. కాబట్టి ఆ గొలుసు 14 కంటే తక్కువ ఉండే వీల్లేదు. గొలుసు కంటే పూర్తి రూటు చిన్నదవదు. అంటే ఈ కాలనీలో ఎవరెంత తెలివిగా తిరిగినా 14 గళ్ల లోపు పని కాదు. ఒక్క రూటు కూడా కొలవకుండానే ఆ మాట చెప్పగలిగాం.

సగం పని అయింది. మిగతా సగం చెట్టును రూటుగా మార్చడం. క దగ్గర మొదలుపెట్టి చెట్టు కొమ్మల వెంటే నడవండి. కొమ్మ చివరికి వెళ్లాక అదే దారిన వెనక్కి వచ్చి తర్వాతి కొమ్మ పట్టుకోండి. ఇలా: క, చ, ట, చ, త, ప, త, మ, త, చ, క. ప్రతి కొమ్మా వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, మొత్తం రెండుసార్లు నడిచాం. అంటే 28 గళ్లు. అతి చిన్న రూటు 14 కంటే తగ్గదు కాబట్టి, 28 దానికి రెండింతలు దాటదు.

ఈ నడకలో చ, త పదేపదే వస్తున్నాయి. పార్సిలు ఇచ్చేసిన ఇంటికి మళ్లీ వెళ్లడం ఎందుకు? అప్పటికే చూసిన చోటు వచ్చినప్పుడల్లా దాన్ని వదిలేసి, ఇంకా చూడని తర్వాతి చోటికి నేరుగా పోదాం. అప్పుడు వరస క, చ, ట, త, ప, మ, మళ్లీ క. దూరాలు 3, 3, 5, 3, 4, 8, మొత్తం 26. నేరుగా పోవడం వల్ల దూరం తగ్గొచ్చు, అలాగే ఉండొచ్చు, పెరగడం మాత్రం జరగదు. ప నుంచి త మీదుగా మ చేరడానికి 6 గళ్లు పట్టేది, నేరుగా వెళ్తే 4. ట నుంచి త కి చ మీదుగా వెళ్లినా నేరుగా వెళ్లినా 5 గళ్లే. ఎటు తిరిగి వెళ్లినా నేరు దారి కంటే తక్కువ కాదన్న ఈ నియమమే త్రిభుజ అసమానత. హామీ మొత్తం దీని భుజాల మీదే ఉంది.

అదే చెట్టు మీద కొమ్మలు పట్టుకునే వరస మార్చి చూస్తే ఇంకో సరదా విషయం బయటపడుతుంది. చ దగ్గర ట కి పోకుండా ముందు త వైపు తిరిగి, ప, మ చూసుకుని చివర్లో ట కి వస్తే రూటు 20 గళ్లు. ఆ అరవై రూట్లూ కొలిచినా 20 కంటే చిన్నది దొరకదు. ఇంకో రెండు వరసలు 22, 24 ఇస్తాయి. అంటే ఒకే చెట్టు నుంచి అతి మంచి రూటూ రావచ్చు, దానికంటే 30 శాతం ఎక్కువైన రూటూ రావచ్చు. ఏది వచ్చినా 28 దాటదన్నది ఒక్కటే ఖాయం. ఈ తరహా పద్ధతులు ఎంత దూరం తప్పుతాయో రోజెన్‌క్రాంట్జ్, స్టెర్న్స్, లూయిస్ 1977లో వివరంగా లెక్కగట్టారు.

నిజంగా రెండింతల దాకా పోయే సందర్భాలు ఉన్నాయా? ఉన్నాయి. నడుమ ఒక ఊరు, చుట్టూ వలయంలో 100 ఊళ్లు అనుకోండి. నడిమి ఊరి నుంచి ఏ ఊరికైనా గంట ప్రయాణం, వలయంలో పక్క పక్క ఊళ్ల మధ్యా గంటే, మిగతా ఏ రెండిటి మధ్యయినా రెండు గంటలు. వలయం వెంట పోతే 101 గంటల్లో అన్నీ చూసి రావచ్చు. కానీ క్రస్కల్ పద్ధతికి గంట దూరాలన్నీ సమానమే. అది నడిమి ఊరి నుంచి నూరు కొమ్మలూ వేసుకుని కూర్చోవచ్చు. ఆ కొమ్మలను ముందు బేసి ఊళ్లు, తర్వాత సరి ఊళ్లు అన్న వరసలో పట్టుకుంటే ప్రయాణం 200 గంటలవుతుంది. కాబట్టి రెండు అనే అంకెను ఈ పద్ధతితో ఇంకా కిందికి లాగలేం.

త్రిభుజ అసమానత లేని చోట అసలు హామీయే ఎగిరిపోతుంది. విమాన టికెట్లు చూడండి. నేరుగా వెళ్లే టికెట్ కంటే మధ్యలో దిగి మారే టికెట్ చవగ్గా దొరకడం కొత్తేమీ కాదు. అక్కడ చూసిన ఊరిని దాటవేస్తే ఖర్చు పెరగవచ్చు. చూసిన ఊరికి మళ్లీ వెళ్లినా ఫర్వాలేదనుకుంటే మందు ఉంది: ప్రతి జంటకూ నేరు ధర బదులు, ఎన్ని చోట్ల దిగినా సరే అన్నిటికన్నా చవకైన దారి ధర రాసుకుంటే అసమానత తిరిగి వచ్చేస్తుంది. వన్‌వే వీధులతోనూ ఇబ్బందే. వెళ్లిన కొమ్మ మీదే అంతే దూరంలో వెనక్కి రాగలమనుకున్నాం కదా, వన్‌వేలో అది కుదరదు.

మళ్లీ వెళ్లడం కూడదు, అసమానతా లేదు అంటే మాత్రం రెండింతలే కాదు, వందింతల హామీ కూడా కష్టమే. 1976లో సహానీ, గొంజాలెజ్ దీన్ని తేల్చారు. 100 ఊళ్లలో కొన్ని జంటల మధ్యే రోడ్లున్నాయి. ఆ రోడ్ల మీదే ఒక్కో ఊరూ ఒక్కసారి చూసి రావచ్చా అన్నది కార్ప్ జాబితాలోని మొండి ప్రశ్నల్లో ఒకటి. రోడ్డున్న జంటకు 1 రూపాయి, లేని జంటకు 1000 రూపాయలు ఖర్చు రాయండి. అలాంటి యాత్ర ఉంటే అతి తక్కువ ఖర్చు 100, కాబట్టి రెండింతల హామీ ఉన్న పద్ధతి 200 లోపు రూటు ఇచ్చి తీరాలి. 1000 రూపాయల జంట ఒక్కటి వాడినా 200 దాటిపోతుంది. అంటే వచ్చిన అంకె చూసి యాత్ర ఉందో లేదో చెప్పేయొచ్చు. అంత మొండి ప్రశ్న అంత తేలిగ్గా తేలిపోతుందని ఎవరూ నమ్మరు.

అసమానత ఉన్న చోట మాత్రం రెండు కంటే మెరుగైన హామీ అదే ఏడాది వచ్చింది. చెట్టు మొత్తాన్ని రెండుసార్లు నడవక్కర్లేదని నికోస్ క్రిస్టోఫిడీస్ గమనించాడు. బేసి సంఖ్యలో కొమ్మలు కలిసే చోట్లను మాత్రమే జంటలుగా అతి తక్కువ దూరంతో కలిపితే, వెనక్కి నడవకుండానే చుట్టు పూర్తవుతుంది. ఆ అదనపు దూరం అతి చిన్న రూటులో సగానికి మించదు, కాబట్టి హామీ ఒకటిన్నర రెట్లు. మన కాలనీలో ఆరు చోట్లూ బేసివే. వాటిని జతపరచడానికి 10 గళ్లు చాలు. 14తో కలిపితే 24. సోవియట్ యూనియన్‌లో సెర్ద్యుకోవ్ కూడా ఇదే విషయాన్ని విడిగా కనుక్కుని 1978లో ప్రచురించాడు. ఆ ఒకటిన్నర నాలుగు దశాబ్దాలకు పైగా కదల్లేదు. 2020లో కార్లిన్, క్లైన్, ఒవేస్ ఘరాన్ దాన్ని కొద్దిగా తగ్గించారు. వాళ్లు రుజువు చేయగలిగిన తగ్గుదల, దశాంశ బిందువు తర్వాత 35 సున్నాలు పెట్టి ఒక 1 వేసినంత.