కాళ్ళు కడిగిన మంత్రి

2006 ఆగస్టులో దక్షిణాఫ్రికా రాజధాని ప్రిటోరియాలో, అధ్యక్షుడి కార్యాలయానికి ఒక వృద్ధుడు బైబిల్ పట్టుకుని వచ్చారు. ఆయన పేరు అడ్రియాన్ వ్లోక్. జాతివివక్ష ప్రభుత్వపు చివరి ఏళ్ళలో శాంతిభద్రతల మంత్రి. లోపల ఆయన కలవబోతున్నది అధ్యక్షుడి కార్యాలయంలో ఉన్నతాధికారి అయిన ఫ్రాంక్ చికానే. వివక్షకు వ్యతిరేకంగా పోరాడిన నల్లజాతి పాస్టర్. పదిహేడేళ్ళ కిందట వ్లోక్ పోలీసులు ఆయన్ని చంపబోయారు. క్షమించమని అడిగి, వ్లోక్ గిన్నెలో నీళ్ళు పోసుకుని ఆయన కాళ్ళు కడుగుతానన్నారు. చికానే మొదట ఇబ్బంది పడ్డారు, తర్వాత ఒప్పుకున్నారు.

ఈ కథ బయటికి రాగానే దేశం రెండుగా చీలిపోయింది. ఇంతకన్నా వినయం ఏముంటుందని కొందరు కళ్ళు తుడుచుకున్నారు. కాళ్ళు కడిగితే చేసిన పాపం పోతుందా అని కొందరు మండిపడ్డారు. క్షమాపణ సంగతి ఆలోచించేవారికి ఈ ఘటన మంచి పాఠం. ఎందుకంటే తప్పు చేసినవాడు క్షమను సంపాదించుకోవాలా, లేక అది ఊరికే దొరికేదా అన్న ప్రశ్న ఇక్కడ రెండు గదుల్లో, రెండు రకాలుగా తేలింది. ఒకటి చికానే గది. రెండోది కోర్టు గది.

ముందు ఆ నేరమేమిటో చూడాలి. 1989లో చికానే దక్షిణాఫ్రికా చర్చిల మండలికి ప్రధాన కార్యదర్శి. ఆయన ప్రయాణానికి సర్దుకున్న సామాన్లలో లోదుస్తులకు పోలీసులు పారాక్సాన్ అనే విషం పట్టించారు. మన రైతులు పురుగుల మందుగా ఎరిగిన ఆర్గానోఫాస్ఫేట్ జాతికి చెందినదే అది. నోట్లోకి పోవక్కర్లేదు, చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. నరాల సంకేతాలను ఆపే ఎంజైమును పనిచేయకుండా చేస్తుంది. దాంతో చెమటలు, నోటినిండా లాలాజలం, వాంతులు, కంటిపాపలు కుంచించుకుపోవడం, చివరికి ఊపిరి ఆగిపోవడం. నమీబియాలో ఒకసారి, అమెరికాలో మళ్ళీ మళ్ళీ చికానే కుప్పకూలారు. ఆస్పత్రిలో చేరితే కోలుకునేవారు, బయటికొస్తే మళ్ళీ మొదటికే. విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లోని డాక్టర్లు చివరికి విషమేనని తేల్చారు. అలా బతికారు.

ఇక వివక్ష పాలన పోయాక కొత్త ప్రభుత్వం ఏం చేసిందన్నది అసలు విషయం. 1995లో ఒక చట్టం తెచ్చి, ఆర్చిబిషప్ డెస్మండ్ టుటూ అధ్యక్షతన సత్య, సయోధ్య కమిషన్ ఏర్పాటు చేశారు. రాజకీయ ఉద్దేశంతో నేరం చేసినవాడు కమిషన్‌కి దరఖాస్తు పెట్టుకుని, జరిగిందంతా దాచకుండా చెబితే క్షమాభిక్ష దక్కుతుంది. ఇక ఆ నేరం మీద కేసులుండవు. ఇందులో జనం సాధారణంగా గమనించని సంగతి ఒకటుంది: పశ్చాత్తాపం షరతు కాదు. ఏడవనక్కర్లేదు, చేతులు జోడించనక్కర్లేదు, బాధితుల్ని క్షమించమని అడగనక్కర్లేదు. కావలసింది నిజం ఒక్కటే, అదీ పూర్తిగా.

చాలామందికి ఇది రుచించలేదు. ఉద్యమ నాయకుడు స్టీవ్ బీకో పోలీసు కస్టడీలో చనిపోయారు. ఆయన కుటుంబం, మరికొందరు కలిసి ఈ చట్టాన్ని రాజ్యాంగ న్యాయస్థానంలో సవాలు చేశారు. 1996లో ఓడిపోయారు. క్షమాభిక్ష ఆశ లేకపోతే నేరగాళ్ళు నోరు విప్పరని, అప్పుడు నిజం ఎవరికీ దక్కదని న్యాయమూర్తుల వాదన. కానీ అదే చట్టం ఆ తర్వాత బీకో కుటుంబానికి అనుకూలంగానూ నిలబడింది. బీకోను కొట్టిన పోలీసులు ఘర్షణలో ప్రమాదవశాత్తూ దెబ్బ తగిలిందన్నట్టు చెప్పుకొచ్చారు. కమిషన్ నమ్మలేదు, 1999లో దరఖాస్తు కొట్టేసింది. ఆ పద్ధతిలో క్షమ ఉచితం కాదు, దానికి ఒక వెల ఉంది: పూర్తి నిజం. పశ్చాత్తాపాన్ని నటించవచ్చు, దాన్ని ఏ న్యాయమూర్తీ తూచలేరు. నిజాన్ని మాత్రం ఇతర సాక్ష్యాలతో పోల్చి చూడొచ్చు. షరతుగా దీన్ని ఎంచుకోవడం తెలివైన పని.

వ్లోక్ కూడా ఆ వరుసలో నిలబడినవారే. చర్చిల మండలి కార్యాలయం ఖోట్సో హౌస్‌ను 1988లో బాంబుతో పేల్చిన కేసులో ఆయనకు క్షమాభిక్ష దక్కింది. కానీ చికానే మీద విషప్రయోగం గురించి ఆయన దరఖాస్తు పెట్టలేదు. కాబట్టి ఆ నేరానికి చట్టపరమైన రక్షణ లేదు. 2007 ఆగస్టులో ప్రిటోరియా హైకోర్టులో వ్లోక్, ఆనాటి పోలీసు కమిషనర్ యోహాన్ వాన్ డెర్ మెర్వె, మరో ముగ్గురు హత్యాయత్నం ఒప్పుకున్నారు. ప్రాసిక్యూటర్లతో ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం శిక్షలు నిలిపివేశారు. పైనున్న ఇద్దరికీ పదేళ్ళు, మిగతావారికి ఐదేళ్ళు. ఎవరూ జైలుకు వెళ్ళలేదు.

చికానే అప్పటికే క్షమించేశారు. అది ఆయన స్వేచ్ఛ. ఎవరూ ఆయనతో బేరమాడలేదు, ఆయనా ఎవరితోనూ బేరమాడలేదు. మన పోతన భాగవతంలో ద్రౌపది కూడా ఇదే చేస్తుంది. నిద్రలో ఉన్న తన బిడ్డల్ని చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి పడేస్తాడు. అతను ఒక్క మాటైనా ప్రాధేయపడడు. అయినా, అతని తల్లికి కూడా తనలాగే పుత్రశోకం కలగరాదని ఆమె విడిచిపెట్టమంటుంది. అయితే అక్కడ కథ పూర్తిగా వదిలేయడంతో ముగియదు. తల గొరిగి, శిరోమణి తీసుకుని పంపించేస్తారు. ద్రౌపది మనసు ఒకటి, సభలో జరగాల్సిన న్యాయం మరొకటి. ఈ రెండిటినీ విడివిడిగా ఉంచడమే ఆ ఘట్టంలోని వివేకమని చెప్పొచ్చు.

యూదుల ధర్మశాస్త్రంలో మధ్యయుగ పండితుడు మైమోనిడిస్ రాసిన నియమం ఇంకో వైపునుంచి వస్తుంది. మనిషికి చేసిన తప్పును దేవుడు మన్నించడు, ఆ మనిషినే మెప్పించుకోవాలి. మొదట ఇవ్వాల్సింది ఇచ్చి, తర్వాత అడగాలి. కాదంటే ముగ్గురిని వెంటబెట్టుకుని మళ్ళీ, మళ్ళీ వెళ్ళాలి. మూడుసార్లూ కాదన్నాక ఇక ఆ బరువు క్షమించనివాడి మీద పడుతుంది. అవతలి మనిషి చనిపోతే పదిమందితో సమాధి దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకోవాలి. సంపాదించుకోవాలన్నవారు ఈ నియమాన్ని సగమే గుర్తుపెట్టుకుంటారు. అడిగేవాడికి ఎంత కష్టం ఉందో, అడిగించుకునేవాడికీ అక్కడ ఒక హద్దు ఉంది.

ఈ వెలుగులో వ్లోక్‌ను చూస్తే ఆయన లోటు ఎక్కడో తెలుస్తుంది. ఆయన మనిషిని వెతుక్కుంటూ వెళ్ళారు, వంగారు, కాళ్ళు కడిగారు. 1986లో చనిపోయిన మామెలోడి యువకులు పదిమంది తల్లుల కాళ్ళు కూడా కడిగారు. 2023 జనవరిలో చనిపోయేదాకా పేదలకు అన్నం పెట్టారు, ఇంట్లో ఆశ్రయమిచ్చారు. ఇదంతా నిజాయితీగా చేశారనే అనిపిస్తుంది. అయినా ఆయన ఏలిన వ్యవస్థలో జరిగినదంతా బయటికి రాలేదు. ఆ సమాచారమే ఆయన చెల్లించాల్సిన బాకీ. చికానే క్షమతో ఆ బాకీ తీరలేదు, ఎందుకంటే అది చికానేకి ఒక్కరికే ఇవ్వాల్సింది కాదు.

మిగతావారికి ఏమైందో క్రాడాక్ ఊరి వారిని అడగాలి. ఆ ఊరికి చెందిన నలుగురు కార్యకర్తల్ని 1985లో పోలీసులు చంపేశారు. వారి హత్యకు సంబంధించి ఆరుగురు పోలీసులు నిజం పూర్తిగా చెప్పలేదని కమిషన్ 1999లో క్షమాభిక్ష నిరాకరించింది. తర్వాత వారిమీద కేసులు నడవలేదు. క్షమ దక్కలేదు, శిక్షా పడలేదు. 2025లో ఆ కుటుంబాలూ, మరికొన్ని కుటుంబాలూ కోర్టుకెక్కాక, కమిషన్ అప్పగించిన కేసుల్ని ఎవరు అడ్డుకున్నారో తేల్చడానికి అధ్యక్షుడు రామఫోసా విచారణ సంఘం వేశారు. ఈలోగా నిందితుల్లో పలువురు ముసలివారై ఏ గదిలోనూ ఎవరి ముందూ నిలబడకుండానే వెళ్ళిపోయారు.